రెండు ప్రతులు, ఒక గడువు

అమెరికాలో ఎం.ఎస్.కి దరఖాస్తు చేసే పిల్లలు ఎస్‌ఓపీ రాస్తారు. ఆ కోర్సే ఎందుకు, ఇప్పటిదాకా ఏం చేశారు అని చెప్పుకునే చిన్న వ్యాసం అది. గడువు దగ్గరపడ్డాక దాని రెండు ప్రతులను ఇంగ్లీషు వచ్చిన బంధువుకో, పాత మాస్టారికో పంపి, కింద 'కంపేర్' అని ఒక్క మాట పెడతారు.

తేడాలు పట్టడం కష్టం కాదు. వర్డ్‌లో రివ్యూ ట్యాబ్ కింద కంపేర్ నొక్కితే మారిన ప్రతి మాటా రంగులో కనిపిస్తుంది. అయితే దానికి కామా మారినా, బతుకు కథ మారినా ఒకటే. ఏ తేడా ముఖ్యమో తేలాలంటే అడిగినవాళ్ల అవసరం తెలియాలి. రెండూ తనే రాసుకుంటే ఏది పంపాలన్నది వాళ్ల సందేహం. రెండోది కన్సల్టెన్సీ దిద్దినదైతే, తన వ్యాసం ఏమైందన్నది భయం. ఫైలు పేర్లు చూస్తే చాలాసార్లు అర్థమైపోతుంది. లేదంటే ఫోన్ చేసి అడగడమే మేలు.

ఒక బీటెక్ అమ్మాయి రెండో రకం ప్రతిని పంపిందనుకుందాం. తెర నిండా రంగులే. అందులో ముప్పావు వంతు, చిన్న మాట తీసి పెద్ద మాట వేసినవి. వాటన్నిటికీ 'భాష బరువెక్కింది, నీ గొంతు తగ్గింది' అని ఒక్క వాక్యం చాలు.

అసలు తేడా ఒక క్రియలో ఉంది. రోడ్డు గుంతలను ఫొటోల్లో గుర్తించే ప్రాజెక్టులో తను డేటా సేకరించానని మొదటి ప్రతిలో రాసుకుంది. రెండో దాంట్లో ఆ జట్టును తనే నడిపించినట్టయింది. అదే ప్రాజెక్టు గురించి ప్రొఫెసర్ రాసే సిఫార్సు లేఖ కూడా అదే కమిటీ ముందుకు వెళ్తుంది. రెండూ పొసగకపోతే అమ్మాయి మీద నమ్మకం పోతుంది. ఆ మాట తను మార్చిందో, వాళ్లు మార్చారో అడిగి తీరాలి.

ఇంకొకటి, రెండు బ్యాక్‌లాగులకు కారణం చెప్పిన వాక్యం మాయమైంది. చదవడానికి హాయిగా ఉంది కానీ, మార్కుల జాబితాలో అవి కనిపిస్తూనే ఉంటాయి. కారణం అనారోగ్యమైతే ఆ వాక్యాన్ని తిరిగి పెట్టమనే నేను చెబుతాను. కమిటీ తనంతట తాను ఊహించుకునే కారణం అంతకంటే దయగా ఉండకపోవచ్చు.

జవాబులో ముందు రాయాల్సినవి ఈ రెండే. పేరాలు ముందువెనకలవడం తర్వాత. ఆపైన రంగులన్నీ తీసేసి, రెండో ప్రతిని మామూలుగా ఒకసారి చదవాలి. ఎందుకంటే రెండింట్లోనూ ఒకేలా ఉన్న తప్పుకు కంపేర్ రంగు వేయదు. చివరి పేరాలో నిరుడు దరఖాస్తు చేసిన విశ్వవిద్యాలయం పేరే మిగిలిపోయి ఉంటే, అది రెండు ప్రతుల్లోనూ నల్లటి అక్షరాల్లోనే ఉంటుంది.