ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు పాత చిన్న లెన్స్ బిగిస్తే మూలలు ఎందుకు నల్లబడతాయి?

పెళ్లిళ్లు, సంఘం వార్షికోత్సవాలు తీసే ఫోటోగ్రాఫర్లు చాలామంది ముందు చిన్న సెన్సర్ కెమెరాతో మొదలుపెట్టి, తర్వాత సెకండ్ హ్యాండ్‌లో ఫుల్‌ఫ్రేమ్ బాడీ కొంటారు. పాత లెన్సులనే దానికీ వాడతారు. లెన్స్ చక్కగా బిగుస్తుంది, ఫోకస్ కూడా అవుతుంది. కానీ గ్రూప్ ఫోటోలో చివర నిలబడ్డవాళ్లు చీకట్లో పడతారు. లేదా మూలలు బాగానే ఉన్నా, పెద్ద ప్రింట్ వేయించేసరికి ముఖాల్లో వివరం తగ్గుతుంది. ఈ రెండింటికీ కారణం ఒకటే.

లెన్స్ లోపల సెన్సర్ మీద పడే బొమ్మ గుండ్రంగా ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు సుమారు 43 మిల్లీమీటర్లు. చిన్న సెన్సర్‌కు ఆ దూరం సుమారు 27 నుంచి 28 మిల్లీమీటర్లే. చిన్న సెన్సర్ కోసం చేసిన లెన్స్ అంతమేరకే వెలుగు వేస్తే చాలు. దాన్ని పెద్ద సెన్సర్ ముందు పెడితే, గుండ్రం అందని మూలలు నల్లగా మిగులుతాయి. అలా కాకుండా ఉండటానికి కెమెరా లెన్స్‌ను గుర్తుపట్టి, సెన్సర్ మధ్య భాగాన్నే వాడుకుంటుంది. దీన్నే ఆటోమేటిక్ క్రాప్ అంటారు.

నికాన్ డీ750తో ఒక ఉదాహరణ

ఈ కెమెరాకు 35 ఎంఎం ఎఫ్/1.8 డీఎక్స్ లెన్స్ బిగించారనుకుందాం. మెనూలో `Image area` కింద `Auto DX crop` ఆన్‌లో ఉంటే ఫోటో 3936×2624 పిక్సెళ్లకు తగ్గిపోతుంది. అదే కెమెరా పూర్తి సైజు 6016×4016. అంటే 24 మెగాపిక్సెళ్ల కెమెరా కొని, 10 మెగాపిక్సెళ్ల ఫోటో తీస్తున్నట్టు. 18 అంగుళాల వెడల్పు ఆల్బమ్ షీటుకు ప్రింట్ వేస్తే పూర్తి ఫోటోలో అంగుళానికి 334 పిక్సెళ్లు వస్తాయి, క్రాప్ ఫోటోలో 219 మాత్రమే. ఇద్దరు ముగ్గురున్న ఫోటోలో ఈ తేడా పెద్దగా తెలియదు. నలభై మంది నిలబడ్డ ఫోటోలో వెనక వరుస ముఖాల దగ్గర తెలుస్తుంది.

ఆ సెట్టింగ్ ఆఫ్ చేస్తే పూర్తి సైజు వస్తుంది, కానీ మూలలు నల్లబడతాయి. మధ్యేమార్గం కూడా ఉంది. ఆఫ్ చేసి, అదే మెనూలో 1.2x ఎంచుకుంటే 5008×3336 సైజు వస్తుంది. 18 అంగుళాలకు అది 278 పిక్సెళ్లు. ఆ సైజులో మూలలు శుభ్రంగా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

ఎలా పరీక్షించాలి?

ముందు లెన్స్ మీద రాసింది చూడండి. నికాన్‌లో డీఎక్స్, కెనాన్‌లో ఈఎఫ్-ఎస్ లేదా ఆర్‌ఎఫ్-ఎస్, సిగ్మాలో డీసీ, టామ్రాన్‌లో డీఐ-2 అని ఉంటే అది చిన్న సెన్సర్ లెన్స్.

తర్వాత ఒక ఫోటో తీసి దాని పిక్సెల్ సైజు చూడండి. కెమెరా పూర్తి సైజు కన్నా తక్కువ ఉంటే, ఇమేజ్ సైజు లార్జ్‌లోనే ఉందని చూసుకున్నాక, క్రాప్ జరుగుతున్నట్టే. మిర్రర్‌లెస్ కెమెరాల్లో క్రాప్ అయిన బొమ్మే తెర నిండా కనిపిస్తుంది కాబట్టి కంటితో చూస్తే తెలియదు. ఈ సైజు చూడటమే నమ్మకమైన గుర్తు.

మూడోది గోడ పరీక్ష. లెన్స్ హుడ్, ఫిల్టర్ రెండూ తీసేయండి. అవి అడ్డుపడినా మూలలు నల్లబడతాయి. క్రాప్ ఆఫ్ చేసి, సమంగా వెలుతురు పడే తెల్లగోడను పూర్తిగా తెరిచిన అపెర్చర్‌లో ఒకసారి, ఎఫ్/8లో ఒకసారి తీయండి. ఎఫ్/8లో మూలలు తేటపడితే అది ఏ లెన్స్‌కైనా ఉండే మామూలు మసక. నలుపు అలాగే ఉండి, దాని అంచు ఇంకా గట్టిగా గీసినట్టు కనిపిస్తే లెన్స్ వెలుగు అక్కడిదాకా అందడం లేదని అర్థం. జూమ్ అయితే రెండు చివర్లలోనూ తీయాలి. దూరంగా ఫోకస్ చేసి కూడా చూడాలి. దగ్గర ఫోకస్‌లో కనపడని నలుపు అక్కడ బయటపడవచ్చు.

అన్ని కెమెరాలూ ఒకటి కాదు

సోనీ ఫుల్‌ఫ్రేమ్‌లో ఈ క్రాప్‌ను మెనూలో ఆఫ్ చేయవచ్చు. నికాన్ జెడ్, కెనాన్ ఆర్ ఫుల్‌ఫ్రేమ్ బాడీలు చిన్న సెన్సర్ లెన్స్‌ను గుర్తిస్తే క్రాప్ తప్పదు, ఆపే వీలుండదు. కెనాన్ పాత ఫుల్‌ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు ఈఎఫ్-ఎస్ లెన్స్ అసలు బిగియదు, బలవంతం చేయకూడదు. చిప్ లేని మాన్యువల్ లెన్స్‌లను మాత్రం ఏ కెమెరా గుర్తుపట్టదు. అక్కడ క్రాప్ మీరే పెట్టాలి.

పూర్తిగా నల్లబడిన మూలలో ముఖం సెన్సర్‌పై పడనే లేదు కాబట్టి ఎడిటింగ్‌లో అది తిరిగి రాదు. పాత లెన్స్‌తోనే ముహూర్తానికి వెళ్లక తప్పకపోతే, గ్రూప్ ఫోటోకు రెండడుగులు వెనక్కి జరిగి, ఇరువైపులా కొంత చోటు వదిలి తీయండి. నల్ల మూలలు తర్వాత కత్తిరించవచ్చు, మనిషి మాత్రం ఫోటోలోనే ఉంటాడు.