ఎ-బి పరీక్షపై డేటా సైన్స్ ఇంటర్వ్యూ ప్రశ్నలు: నమూనా పరిమాణం, సార్థకత, సాధారణ దోషాలు

వ్యాస సంగ్రహం

డేటా సైన్స్ ఉద్యోగాల ఇంటర్వ్యూలలో ఎ-బి పరీక్షను గురించి అడిగే గణాంక ప్రశ్నలు పైకి వేర్వేరుగా కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే విషయాన్ని పరిశీలిస్తాయి: ఏ నిర్ణయాలు దత్తాంశాన్ని చూడకముందే తీసుకోవాలి, ఏవి చూసిన తరువాత తీసుకోవచ్చు అన్నదే ఆ విషయం. నమూనా పరిమాణం, సార్థకత, మధ్యలో ఫలితాన్ని చూడటం, వర్గాల నిష్పత్తి తప్పడం అనే నాలుగు అంశాలను ఒక ఊహా ఉదాహరణ ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ఎ-బి పరీక్ష, నమూనా పరిమాణం, పి-విలువ, విశ్వాస అంతరం, మొదటి రకం దోషం.

1. ఉపోద్ఘాతం

ఒక వెబ్‌సైట్‌లోని పాత పుటను కొందరికి, మార్చిన పుటను మరికొందరికి యాదృచ్ఛికంగా చూపి, రెండింటి ఫలితాలను పోల్చడమే ఎ-బి పరీక్ష. పాత పుట చూసినవారు ఎ వర్గం, కొత్త పుట చూసినవారు బి వర్గం. ఎవరికి ఏ పుట దక్కాలో యాదృచ్ఛికంగా నిర్ణయించినందువల్ల రెండు వర్గాల మధ్య మిగిలే క్రమబద్ధమైన భేదం ఆ పుట మాత్రమే. ఫలితంలో కనిపించిన తేడా పుట వల్ల వచ్చిందా, లేక కాకతాళీయమా అన్నది గణాంకశాస్త్రం తేల్చవలసిన ప్రశ్న.

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న సాధారణంగా ఒక సన్నివేశం రూపంలో వస్తుంది. ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్న సన్నివేశం ఇది: బస్సు టికెట్లు అమ్మే ఒక వెబ్‌సైట్‌కు రోజుకు 4,000 మంది వస్తారు. వారిలో 4 శాతం మంది టికెట్ కొంటారు. చెల్లింపు పుటను మార్చారు. కొత్త పుట మేలైనదో కాదో ఎలా తేలుస్తారు?

సూత్రాలు కంఠస్థం చేసిన అభ్యర్థి వెంటనే పి-విలువ దగ్గర మొదలుపెడతాడు. అయితే పి-విలువకు అర్థం చేకూర్చే నిర్ణయాలన్నీ దానికి ముందే జరిగిపోవాలి.

2. దత్తాంశానికి ముందు: నమూనా పరిమాణం

"ఎంతమంది కావాలి?" అన్న ప్రశ్నకు సమాధానం "ఎంత తేడాను పట్టుకోవాలి?" అన్న ఎదురు ప్రశ్నతో మొదలవుతుంది. ఇది గణితం తేల్చే విషయం కాదు, వ్యాపార నిర్ణయం. కొత్త పుటను నిర్వహించే ఖర్చుకు తగిన ఫలితం రావాలంటే కొనుగోళ్లు 4 శాతం నుంచి కనీసం 4.5 శాతానికి చేరాలని సంస్థ భావించిందనుకుందాం. ఇక్కడ ఒక సందిగ్ధత ఉంది. ఈ పెరుగుదలను 0.5 శాతం పాయింట్లు అనవచ్చు, పాత విలువతో పోల్చి 12.5 శాతం అని కూడా అనవచ్చు. "10 శాతం పెరగాలి" అని ప్రశ్నించేవారు అన్నప్పుడు ఏ అర్థంలో అన్నారో అభ్యర్థి ముందుగా స్పష్టం చేసుకోవాలి.

తరువాత రెండు దోషాల హద్దులు నిర్ణయించుకోవాలి. నిజంగా తేడా లేకపోయినా ఉందని ప్రకటించడం మొదటి రకం దోషం. దీనిని వాడుకగా 5 శాతానికి పరిమితం చేస్తారు. నిజంగా ఉన్న తేడాను గుర్తించలేకపోవడం రెండవ రకం దోషం. దీనిని 20 శాతానికి పరిమితం చేస్తే పరీక్ష శక్తి 80 శాతం అవుతుంది. ఈ రెండు హద్దులకు సరిపోయే సులభ సూత్రాన్ని లెర్ 1992లో ప్రచురించారు. p అంటే ప్రస్తుత నిష్పత్తి, d అంటే పట్టుకోవలసిన తేడా, n అంటే ఒక్కొక్క వర్గంలో ఉండవలసినవారి సంఖ్య.

```
n = 16 × p × (1 − p) / d²
  = 16 × 0.04 × 0.96 / (0.005 × 0.005)
  = 24,576
```

16 ఎక్కడి నుంచి వచ్చిందన్నది తరచుగా వచ్చే అనుబంధ ప్రశ్న. 5 శాతం హద్దుకు 1.96, 80 శాతం శక్తికి 0.84 అనే విలువలు ప్రసామాన్య విభాజనం నుంచి వస్తాయి. వాటి మొత్తాన్ని వర్గీకరిస్తే దాదాపు 7.85. రెండు వర్గాలలోనూ విస్తృతి ఉంటుంది కనుక దానిని రెట్టింపు చేస్తే 15.7. దానినే 16గా సవరించారు. రెండు వర్గాల విస్తృతులను విడివిడిగా తీసుకుని లెక్కిస్తే n సుమారు 25,550 అవుతుంది. కాగితం మీద వేసే అంచనాకు సులభ సూత్రమే చాలు.

సూత్రంలో d వర్గం హారంలో ఉండటం గమనించదగినది. పట్టుకోవలసిన తేడాను సగానికి తగ్గిస్తే కావలసిన మనుషుల సంఖ్య నాలుగు రెట్లవుతుంది. 0.25 శాతం పాయింట్ల తేడా కోసం ఒక్కొక్క వర్గానికి 98,304 మంది కావాలి.

రోజుకు ఒక్కొక్క వర్గానికి 2,000 మంది చొప్పున వస్తే 13 రోజులు పడుతుంది. అయినా 14 రోజులు నడపడం సరైన నిర్ణయం. శుక్ర, ఆదివారాల ప్రయాణికులు మిగిలిన రోజులవారి వంటివారు కారు. పూర్తి వారాలు తీసుకుంటేనే అందరికీ తగిన వాటా దక్కుతుంది. ఇదే కారణంగా సంక్రాంతి రద్దీలో జరిపిన పరీక్ష ఫలితాన్ని ఏడాది మొత్తానికి అన్వయించరాదు. లెక్కించవలసింది కూడా మనుషులనే, సందర్శనలను కాదు. ఒకే వ్యక్తి అయిదుసార్లు వస్తే ఆ అయిదూ స్వతంత్రమైన పరిశీలనలు కావు.

3. దత్తాంశం తరువాత: సార్థకత

14 రోజుల తరువాత ఒక్కొక్క వర్గంలో 28,000 మంది చేరారనుకుందాం. ఎ వర్గంలో 1,120 మంది, బి వర్గంలో 1,232 మంది టికెట్లు కొన్నారు. అంటే 4.0 శాతం, 4.4 శాతం. తేడా 0.4 శాతం పాయింట్లు.

శూన్య పరికల్పన ప్రకారం రెండు పుటలకూ తేడా లేదు. కనుక రెండు వర్గాలను కలిపి ఉమ్మడి నిష్పత్తి 0.042 అని తీసుకుని ప్రామాణిక దోషాన్ని గణిస్తారు.

```
SE = √(0.042 × 0.958 × 2 / 28000) = 0.0017
z  = 0.004 / 0.0017 ≈ 2.36
p-value ≈ 0.018
```

ఉమ్మడి నిష్పత్తితో చేసే ఈ పరీక్ష, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి. ఆర్. రావు 1948లో ప్రతిపాదించిన స్కోర్ పరీక్షకు ఒక ప్రత్యేక రూపం.

ఈ 0.018 అంటే ఏమిటి? "కొత్త పుట మేలైనది కాకపోవడానికి 1.8 శాతం అవకాశముంది" అన్న సమాధానం తప్పు. పి-విలువ పరికల్పన నిజమయ్యే సంభావ్యతను చెప్పదు. రెండు పుటలకూ నిజంగా తేడా లేదని అనుకుంటే, ఇంత తేడా గాని ఇంతకు మించిన తేడా గాని ఏ దిశలోనైనా కాకతాళీయంగా కనిపించే సంభావ్యత 1.8 శాతమని మాత్రమే చెబుతుంది.

పట్టుకోవాలనుకున్నది 0.5, కనిపించింది 0.4. అయినా ఫలితం సార్థకమెలా అయింది? ఇది మంచి అభ్యర్థులనూ తడబడేలా చేసే ప్రశ్న. ఈ పరిమాణంలో సార్థకతకు అవసరమైన కనీస తేడా 1.96 ప్రామాణిక దోషాలు, అంటే సుమారు 0.33 శాతం పాయింట్లు. నిజమైన తేడా 0.5 అయితే పరిశీలించిన తేడా ఈ గీతను దాటే అవకాశం కనీసం 80 శాతం ఉండేలా నమూనాను నిర్ణయించారు. 0.5 కంటే తక్కువ తేడా సార్థకం కాకూడదన్న నియమమేదీ అందులో లేదు.

అయితే సార్థకత ఒక్కటే నిర్ణయానికి చాలదు. 95 శాతం విశ్వాస అంతరం 0.07 నుంచి 0.73 శాతం పాయింట్ల వరకు ఉంది. తేడా శూన్యం కాదని చెప్పడానికి ఆధారం ఉంది. సంస్థ కోరుకున్న 0.5ను అది చేరిందని చెప్పడానికి ఆధారం లేదు. ఈ రెండు వాక్యాలనూ విడదీసి చెప్పగలగడమే ఇక్కడ పరీక్షించే విషయం.

4. సాధారణ దోషాలు

4.1 మధ్యలో చూసి ఆపడం: మూడవ రోజున ఎవరో ఫలితాలు తెరిచారు. ఒక్కొక్క వర్గంలో 6,000 మంది ఉన్నారు. ఎ లో 225, బి లో 275 కొనుగోళ్లు జరిగాయి. తేడా 0.83 శాతం పాయింట్లు, పి-విలువ 0.022. పరీక్షను అక్కడే ఆపి కొత్త పుటను అందరికీ ఇవ్వవచ్చా?

ఇవ్వరాదు. అందుకు రెండు కారణాలున్నాయి. 5 శాతం హద్దు ఒక్కసారి చూడటానికే వర్తిస్తుంది. తేడా లేకపోయినా, సమాన విరామాలలో అయిదుసార్లు చూసి సార్థకమైన చోట ఆపితే మొదటి రకం దోషం 14 శాతానికి, పదిసార్లు చూస్తే 19 శాతానికి చేరుతుందని ఆర్మిటేజ్, మెక్‌ఫర్సన్, రో 1969లో చూపారు. రెండవ కారణం, తొందరగా ఆపితే తేడా పెద్దదై కనిపిస్తుంది. 6,000 మందితో సార్థకతకు కనీసం 0.71 శాతం పాయింట్ల తేడా కావాలి. నిజమైన తేడా 0.4 అయితే, ఆ రోజు కొత్త పుటకు అనుకూలంగా సార్థకమైన ఏ ఫలితమైనా నిజాన్ని దాదాపు రెట్టింపు చేసి చూపినట్లే. చివరి రోజున పి-విలువ 0.06 వచ్చిందని మరి రెండు రోజులు పొడిగించడం కూడా ఇదే దోషం.

మధ్యలో చూడటం తప్పనిసరైతే ఎన్నిసార్లు చూస్తారో ముందే నిర్ణయించి హద్దును బిగించాలి. పోకాక్ 1977లో ఇచ్చిన పద్ధతిలో అయిదుసార్లు చూసేందుకు ప్రతిసారీ హద్దు 0.0158. మూడవ రోజు వచ్చిన 0.022 ఆ హద్దును దాటదు. చివరి 0.018 కూడా దాటదు. పదేపదే చూసే వెసులుబాటుకు చెల్లించే మూల్యం అదే.

4.2 వర్గాల నిష్పత్తి తప్పడం: ఫలితాన్ని చూసే ముందు వర్గాలలోని సంఖ్యలు చూడాలి. సమానంగా పంచవలసిన 56,000 మందిలో ఎ లో 28,400, బి లో 27,600 ఉంటే తేడా చిన్నదిగానే అనిపిస్తుంది. కాని కై-వర్గ విలువ 11.43, పి-విలువ 0.0007. పంపకం సరిగా జరిగితే ఇంత తేడా అరుదు. ఉదాహరణకు కొత్త పుట నెమ్మదిగా తెరుచుకుంటే, పాత ఫోన్లవారు అది లెక్కలోకి రాకముందే వెళ్లిపోవచ్చు. అప్పుడు బి లో మిగిలినవారు మంచి ఫోన్లు గలవారు. వారి కొనుగోళ్లు ఎక్కువైతే ఆ ఘనత పుటది కాదు. ఏ గణాంక సవరణా దీనిని నమ్మకంగా సరిచేయలేదు. కారణం కనుగొని పరీక్షను మళ్లీ నడపాలి.

4.3 అనేక కొలమానాలు: కొనుగోళ్లలో తేడా రాకపోతే పుటపై గడిపిన సమయం, రద్దయిన టికెట్లు వంటివి ఒక్కొక్కటీ వెతకడం మొదలవుతుంది. పరస్పరం స్వతంత్రమైన 20 కొలమానాలను 5 శాతం హద్దుతో పరీక్షిస్తే, వేటిలోనూ తేడా లేకపోయినా కనీసం ఒకటి సార్థకంగా కనిపించే సంభావ్యత 64 శాతం. ప్రధాన కొలమానం ఏదో ముందే రాసిపెట్టుకోవాలి. మిగిలినవి తదుపరి పరీక్షకు ఊహలను ఇస్తాయి గాని ఈ పరీక్షకు తీర్పునివ్వవు.

5. ముగింపు

పట్టుకోవలసిన తేడా, రెండు దోషాల హద్దులు, నమూనా పరిమాణం, పరీక్ష గడువు, ప్రధాన కొలమానం, ఎన్నిసార్లు చూడాలన్న లెక్క ఇవన్నీ దత్తాంశానికి ముందు తీసుకోవలసిన నిర్ణయాలు. వర్గాల నిష్పత్తి, పి-విలువ, విశ్వాస అంతరం దత్తాంశం తరువాత ఆ క్రమంలోనే పరిశీలించవలసినవి. మొదటి జాబితాలోని ఏ అంశాన్నయినా ఫలితం చూశాక మార్చితే, రెండవ జాబితాలోని సంఖ్యలు తమ అర్థాన్ని కోల్పోతాయి. ఉదాహరణలోని సంస్థకు అభ్యర్థి చెప్పవలసిన సమాధానం కూడా ఈ క్రమం నుంచే వస్తుంది: కొత్త పుట కొనుగోళ్లను పెంచిందనడానికి ఆధారముంది, ఆ పెరుగుదల ఖర్చుకు తగినదా అన్నది ఈ 56,000 మందితో తేలలేదు, తేలాలంటే మరింత పెద్ద పరీక్షను ముందే నిర్ణయించి, కొత్తగా ఆరంభించాలి.