మొదటి మెసేజ్‌లో జోకు

డేటింగ్ యాప్‌లో ఒకరి ప్రొఫైల్ నచ్చిన తర్వాతే అసలు ఇబ్బంది మొదలవుతుంది. మొదటి మాట ఏం రాయాలి? ఉత్త ‘హాయ్’ అంటే అవతలివాళ్ళకి జవాబివ్వడానికి ఏమీ దొరకదు. పెద్ద పేరా రాస్తే అతిగా ఉంటుంది. అందుకని చాలామంది జోకు వైపు మొగ్గుతారు. కొన్ని జోకులకు వెంటనే జవాబొస్తుంది, మాటలు అల్లుకుపోతాయి. కొన్నిటికి మాత్రం ఆ మ్యాచే మాయమవుతుంది. రాసినతనికి కారణం అంతుపట్టదు. తనవరకు తాను సరదాగానే అన్నాడు, చెడ్డ మాట ఒక్కటీ వాడలేదు.

యాప్‌లు పుట్టకముందే పరిశోధకులు ఈ విషయం పట్టించుకున్నారు. 1986లో అమెరికాలో క్రిస్ క్లైంకీ, మరో ఇద్దరు కలిసి, కొత్తవాళ్ళతో మాట కలిపే మొదటి వాక్యాలను మూడు రకాలుగా విడదీసి చూశారు. సూటిగా ఇష్టం చెప్పేవి, మామూలు ప్రశ్నలాంటివి, చమత్కారంగా విసిరేవి. చమత్కారపు వాక్యాలు మగవాళ్ళకీ పెద్దగా నచ్చలేదు కానీ, ఆడవాళ్ళకి వాళ్ళకంటే ఎక్కువగా నచ్చలేదు. దీన్నిబట్టి హాస్యం పనికిరాదని అనుకోనక్కర్లేదు. అక్కడ పరీక్షించినవి ఎవరికైనా విసరగల తయారు వాక్యాలు. ఎదుటి మనిషిని చూసి పుట్టిన జోకు సంగతి వేరు. ఆమె ప్రొఫైల్లో ఏ మాట మీద జోకు వేశారన్న దాన్ని బట్టే ఫలితం ఉంటుంది.

హింజ్ లాంటి యాప్‌లో మొత్తం ప్రొఫైల్‌కి కాకుండా, ఏదో ఒక ఫొటోకో, ఒక వాక్యానికో లైక్ కొట్టి, దాని కిందే వ్యాఖ్య రాసి పంపవచ్చు. కాబట్టి మీరు దేన్ని పట్టుకుని మాట్లాడుతున్నారో ఆమెకు స్పష్టంగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే 31 ఏళ్ళ అమ్మాయి ప్రొఫైల్ ఒకటి ఊహించుకుందాం. ఒక ఫొటోలో కాళ్ళకు గజ్జెలు కట్టుకుని నిలబడి ఉంది. దాని కింద, ‘ఎప్పటినుంచో అనుకుంటున్న కూచిపూడి ఈ ఏడాది మొదలుపెట్టాను’ అని ఉంది. ఇంకోచోట, ‘నాకు బొత్తిగా రాని పని: పప్పు వండటం. మొన్న కుక్కర్ మాడ్చేస్తే ఇల్లంతా పొగ. పక్కింటి ఆంటీ వచ్చి కిటికీలు తెరిచారు’ అని రాసుకుంది.

చూడటానికి రెండూ సరదా సంగతుల్లాగే ఉన్నాయి. కానీ రెండోదాని మీద ఆమె తానే ముందు నవ్వేసింది, వచ్చి కాసేపు నవ్వమని మనల్నీ పిలుస్తోంది. మొదటిదాంట్లో నవ్వు లేదు. ఏళ్ళ తరబడి వాయిదా వేసుకున్న కోరికను తీర్చుకుంటున్నానని, కాస్త బెరుకుగా, కాస్త గర్వంగా చెబుతోంది. ఆ తేడా పట్టుకోవడమే ఇక్కడ అసలు పని.

ఇప్పుడు ఆ ఫొటో కింద ఒకతను, ‘ఈ వయసులో కూచిపూడా? మోకాళ్ళు జాగ్రత్త!’ అని రాసి, చివర నవ్వే బొమ్మ పెట్టాడనుకోండి. స్నేహితుల మధ్య ఇలాంటి మాటలు రోజుకు పది దొర్లుతాయి. మోకాళ్ళ మీద జోకు వేసిన స్నేహితుడు ఆమె మొదటి ప్రదర్శనకి పూలు పట్టుకుని వస్తాడని ఆమెకు తెలుసు. ఈ కొత్తతని గురించి అలాంటిదేమీ తెలియదు. ఆమెకు కనిపించేది ఒక్కటే: తాను ధైర్యం చేసి బయటపెట్టిన ఇష్టాన్ని చూసి, ముక్కూమొహం తెలియనివాడు మొదటి మాటలోనే తన వయసు మీద తీర్పు చెప్పాడు.

అదే ఫొటోకి హాస్యంతోనే వేరేలా రాయొచ్చు. ‘అడుగులు ఎంతవరకు వచ్చాయండీ? నేను చిన్నప్పుడు మృదంగం క్లాసుకి వెళ్ళాను. మా మాస్టారు నన్ను తాళం మాత్రం వేయమనేవారు.’ ఇందులో నవ్వు రాసినవాడి మీదకే మళ్ళింది. ఆమె నాట్యం గురించి మాత్రం నిజంగా తెలుసుకోవాలన్న ప్రశ్న ఉంది. ఆమె కావాలంటే నాట్యం గురించి చెప్పవచ్చు, లేదా మాస్టారి గురించి అడగవచ్చు.

పప్పు సంగతి ఇంతకంటే మెలికగా ఉంటుంది. ఆమే నవ్వింది కదా, మనమూ ఏదైనా అనొచ్చు అనిపిస్తుంది. ‘పప్పు కూడా రాకపోతే పెళ్ళయ్యాక ఎలాగండీ?’ అని ఒకతను రాస్తాడు. మాడిన కుక్కర్ మీద ఆమె నవ్వింది నిజమే. ఆడపిల్ల అన్నాక వంట రావాలన్న లెక్కలో తనకెన్ని మార్కులు పడ్డాయని మాత్రం ఆమె అడగలేదు. తన మీద తాను జోకు వేసుకున్న మనిషి, జరిగిన దాన్ని చూసి నవ్వమంటుందే కానీ తనను తూకం వేయమనదు. ఇంకొకతను ఇలా రాస్తాడు: ‘ఆంటీ కిటికీలు తెరుస్తూ ఏమన్నారు? ఇంతకీ కుక్కర్ బతికిందా?’ ఇంతే, రెండు వాక్యాలు. కొత్తగా తెచ్చిన చమత్కారమేమీ లేదు. ఆమె మొదలుపెట్టిన కథలోకే వెళ్ళి, తర్వాత ఏం జరిగిందని అడిగాడు. ఇలాంటి మెసేజ్ చూసి చాలామంది నవ్వుకుంటూ జవాబు రాస్తారు, ఎందుకంటే ఆంటీ అన్న మాట ఏదో నిజంగానే ఉండి ఉంటుంది.

నవ్వు తన మీదకు తిప్పుకోవడానికి కూడా ఒక హద్దుంది. ‘మీలాంటివాళ్ళు నాలాంటివాడికి జవాబెందుకిస్తారులే’ అన్నది జోకులా కనిపించే ఫిర్యాదు. దానికి అవతలి మనిషి ఓదార్పు చెప్పాలి, లేదా ఊరుకోవాలి. తాళం వేయమన్న మాస్టారి కథ అలా కాదు. దానికి ఎవరూ ఓదార్పు చెప్పనక్కర్లేదు.

గొంతులో తేలికగా ఉండే మాట తెర మీద ఎందుకు బరువెక్కుతుంది? జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు 2005లో ప్రచురించిన ప్రయోగాలు ఈ సంగతి బాగా చూపించాయి. కొన్ని వాక్యాలను వెటకారంగానో మామూలుగానో రాసి ఈమెయిల్లో పంపమన్నారు. అవతలివాళ్ళు వాటిని సరిగ్గా పోల్చుకుంటారా అని అడిగితే, నాలుగింట మూడొంతులకు పైగా పోల్చుకుంటారని పంపినవాళ్ళు నమ్మారు. తీరా చూస్తే సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే సరిపోయాయి. రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సిన చోట, గుడ్డిగా చెప్పినా సగం సరిపోతాయి. కారణం చిన్నదే. రాసేటప్పుడు మన గొంతు మన చెవుల్లో మోగుతూనే ఉంటుంది, చదివేవాళ్ళకి అది వినపడదు. ‘అబ్బో, గొప్ప డాన్సరే!’ అని ఎదురుగా నిలబడి నవ్వుతూ అంటే మెచ్చుకోలు. తెర మీద అవే అక్షరాలు దెప్పిపొడుపు. చివర నవ్వే బొమ్మ పెడితే సర్దుకుంటుందనుకుంటాం. పొడుపు మాట పక్కన పెట్టిన బొమ్మ, తనను చూసి నవ్వుతున్నట్టే ఉంటుంది.

తెలుగులో రాసేవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. వాక్యం మొదలుపెట్టగానే ‘మీరు’ అనాలో ‘నువ్వు’ అనాలో తేల్చుకోవాలి. క్రియలోనే అది బయటపడుతుంది కాబట్టి దాటవేయడానికి వీలు తక్కువ. ‘నీకు పప్పు కూడా రాదా?’ అన్నప్పుడు జోకు కంటే ముందు ఆ చనువు తగులుతుంది. ఒక్కోసారి పొరపాటు జోకులో ఉండదు, అడగకుండా తీసుకున్న ఆ చనువులోనే ఉంటుంది. ‘మీరు’ అని మొదలుపెడితే అదే హాస్యానికి కొంత మెత్తదనం వస్తుంది. నువ్వులోకి దిగడం ఇద్దరూ కలిసి, నాలుగు మాటలయ్యాక చేసుకోవాల్సిన పని.

యాస మీద జోకులు మొదటి మెసేజ్‌లో అసలు వద్దనే నేను గట్టిగా చెబుతాను. ఆమె శ్రీకాకుళం అనో, కరీంనగర్ అనో రాసుకుంటే, వెంటనే ఆ యాసను అనుకరిస్తూ ఒక వాక్యం రాయాలనిపిస్తుంది కొందరికి. దశాబ్దాలపాటు మన సినిమాలు తెలంగాణ యాసను ఎక్కువగా కమెడియన్లకీ, రౌడీలకీ ఇచ్చాయి. ఆ మాట తీరుతో పెరిగిన మనిషి చదువుకునే చోటా, పని చేసే చోటా ఆ వెక్కిరింపును ఎన్నోసార్లు విని ఉంటుంది. మీకు ఇప్పుడే తట్టిన జోకు ఆమెకు చాలా పాతది. రంగు, ఎత్తు, బరువు, పేరు కూడా అంతే. ఈ బాధ ఆడవాళ్ళదే కాదు. ఐదడుగుల ఐదంగుళాల కుర్రాడికి ‘నేను హీల్స్ వేసుకోవచ్చా మరి?’ అని మొదటి మెసేజ్ పెట్టే అమ్మాయీ అదే పని చేస్తోంది.

పొరపాటున నొప్పించడం ఒక రకం. కావాలని కించపరచడం ఇంకో రకం. ఎదుటి మనిషిని మెచ్చుకుంటున్నట్టే కాస్త తగ్గించి మాట్లాడితే, ఆమె మీ మెప్పు కోసం తాపత్రయపడుతుందన్న పద్ధతి ఒకటుంది. 2005లో నీల్ స్ట్రాస్ రాసిన ‘ద గేమ్’ పుస్తకంతో అది చాలా దేశాల్లో పాకింది. దాని గురించి ఇప్పుడు అమ్మాయిలకీ బాగా తెలుసు. కాబట్టి మీరు అమాయకంగా వేసిన ‘మోకాళ్ళు జాగ్రత్త’ను కూడా ఆమె ఆ ఎత్తుగడల లెక్కలోనే వేస్తే అందులో ఆమె తప్పేమీ లేదు.

జోకు తగిలిందో, గుచ్చుకుందో జవాబులోనే తెలుస్తుంది. నచ్చితే ఆమె తన వైపునుంచి కొత్త ముక్క కలుపుతుంది: ఆంటీ అన్న మాటో, కుక్కర్‌కి పట్టిన గతో. ఉత్త ‘హహ’ వచ్చి ఆగిపోతే అది మర్యాద మాత్రమే. ఇంకో జోకు వేయకుండా మామూలు ప్రశ్న అడగడం మంచిది. అన్నిటికంటే స్పష్టమైన గుర్తు, ఆమె సంజాయిషీ చెప్పుకోవడం. ‘మా క్లాసులో నాకంటే పెద్దవాళ్ళు కూడా ఉన్నారు’ అని జవాబొచ్చిందంటే, ఆమె మీ జోకును జోకుగా తీసుకోలేదు, ఆరోపణగా తీసుకుంది.

అక్కడ చాలామంది ‘ఊరికే సరదాకి అన్నానండీ, సీరియస్‌గా తీసుకోకండి’ అంటారు. దాంతో నొచ్చుకోవడం కూడా ఆమె తప్పే అయిపోతుంది. దానికి బదులు సూటిగా రాయవచ్చు: ‘నా మాట వెటకారంగా వచ్చింది, సారీ. గజ్జెల ఫొటో బాగుంది. ఇన్నేళ్ళ తర్వాత మొదలుపెట్టడానికి ఏం కారణమో అడగాలనుకున్నాను.’ ఇంతకు మించి వివరణ అక్కర్లేదు. జవాబొస్తే ఆమె చెప్పేది వినాలి. రాకపోతే మళ్ళీ మెసేజ్ పెట్టకూడదు.