సెల్ఫీ ఇస్తే ఏఐ ఫొటోలో ముక్కెందుకు పెద్దదవుతుంది?

మొన్న నా సెల్ఫీని రిఫరెన్స్‌గా ఇచ్చి ఫొటో జనరేట్ చేయిస్తే ముక్కు లావుగా వచ్చింది, చెవులు దాదాపు మాయం! తప్పంతా దూరానిదే. ఫోన్ ముక్కుకి 30 సెంటీమీటర్లలో ఉంటే, చెవులు ఇంకో 12 వెనక, అంటే 42లో ఉంటాయి. 42ని 30తో భాగిస్తే 1.4. అంటే చెవులతో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దగా పడుతుంది. అదే మీటరున్నర దూరంలో తేడా 8 శాతమే. ఏఐ మాత్రం కనిపించిన కొలతే మీ ముఖం అనుకుంటుంది.

అందుకే ఫోన్‌ని కంటి ఎత్తున షెల్ఫ్‌లో పెట్టి, మీటరున్నర వెనక్కెళ్లి, టైమర్‌తో తీసి, ముఖం వరకు క్రాప్ చేయండి. పాత సెల్ఫీయే దిక్కైతే, దూరం నుంచి తీసిన మీ ఫొటో పక్కన పెట్టుకుని లిక్విఫైలో ముక్కు వెడల్పు కొంచెం తగ్గించండి. బుగ్గల వెనక దాగిపోయిన చెవుల్ని మాత్రం ఏ స్లైడరూ వెనక్కి తేలేదు.