అవకలజం పక్కన రాయాల్సిన ప్రమాణం

ఒక రాశి మారితే దానిపై ఆధారపడిన మరో రాశి ఎంత చొప్పున మారుతుందో చెప్పేది అవకలజం. దాన్ని dy/dx అని రాస్తారు. y ని మీటర్లలో, x ని సెకన్లలో కొలిస్తే dy/dx ప్రమాణం సెకనుకు ఇన్ని మీటర్లు. y రూపాయల్లో, x కిలోల్లో ఉంటే కిలోకు ఇన్ని రూపాయలు. ఇంటర్మీడియట్ గణితంలో x² అవకలజం 2x అని నేర్పేటప్పుడు x, y రెండూ వట్టి సంఖ్యలే కాబట్టి ఈ సంగతి కంటికి ఆనదు. భౌతికశాస్త్రంలోకో, డబ్బు లెక్కల్లోకో అడుగుపెట్టాక ప్రమాణం రాయని అవకలజం సగం జవాబే.

దీనికి కారణం అవకలజం నిర్వచనంలోనే ఉంది. x ని కొద్దిగా మార్చి, y ఎంత మారిందో చూసి, y లోని తేడాను x లోని తేడాతో భాగిస్తారు. రెండు దూరాల మధ్య తేడా కూడా దూరమే, రెండు ధరల మధ్య తేడా కూడా ధరే. అంటే తీసివేత వల్ల ప్రమాణం మారదు. భాగించినప్పుడు మాత్రం కొత్త ప్రమాణం పుడుతుంది. ఇక మిగిలింది x లోని తేడాను సున్నాకు దగ్గర చేస్తూ పోవడం, అంటే అవధి తీసుకోవడం. ఆ పనిలో ప్రమాణం ఏమవుతుందన్నది అసలు ప్రశ్న.

ఎత్తు నుంచి జారవిడిచిన రాయిని తీసుకుంటే, గాలి నిరోధాన్ని వదిలేసినప్పుడు, t సెకన్లలో అది పడే దూరం s = 4.9 t² మీటర్లు. 2 సెకన్లకు 19.6 మీటర్లు పడుతుంది, 2.1 సెకన్లకు 21.609 మీటర్లు. తేడా 2.009 మీటర్లు. దాన్ని 0.1 సెకనుతో భాగిస్తే సెకనుకు 20.09 మీటర్లు. వ్యవధిని 0.01 సెకనుకు తగ్గిస్తే సెకనుకు 19.649 మీటర్లు, 0.001 సెకనుకు తగ్గిస్తే సెకనుకు 19.6049 మీటర్లు వస్తుంది. సంఖ్య 19.6 వైపు జరుగుతోంది. ప్రమాణం మాత్రం ప్రతి మెట్టులోనూ అదే. పైన ఉన్న మీటర్లు, కింద ఉన్న సెకన్లు ఎంత చిన్నవైనా అవి మీటర్లూ సెకన్లే కాబట్టి, అవధి కూడా సెకనుకు 19.6 మీటర్లుగానే తేలుతుంది.

ఇక్కడ ఆగి చూడదగ్గ విశేషం ఒకటుంది. రెండో సెకను చివర పడిన దూరమూ 19.6, వేగమూ 19.6. సంఖ్యలు కలిశాయి కదా అని రెండూ ఒకటేనా? కాలాన్ని నిమిషాల్లో కొలిస్తే తేలిపోతుంది. దూరం 19.6 మీటర్లుగానే ఉంటుంది, వేగం మాత్రం నిమిషానికి 1176 మీటర్లవుతుంది. సూత్రం ద్వారా చూసినా ఇదే వస్తుంది. t నిమిషాల్లో ఉంటే 4.9 కి బదులు దాన్ని 60² తో గుణించగా వచ్చే 17640 రాయాలి. ఎందుకంటే ఆ 4.9 కూడా వట్టి సంఖ్య కాదు, దాని ప్రమాణం మీటర్లు బై సెకను వర్గం. సూత్రంలోని స్థిరాంకాల ప్రమాణాలను మరచిపోవడం వల్లే విద్యార్థులకు చాలా చిక్కులు వస్తాయి.

వేగాన్ని మళ్లీ కాలంతో అవకలనం చేస్తే త్వరణం వస్తుంది. అది సెకనుకు, సెకనుకు 9.8 మీటర్లు. దీన్ని d²s/dt² అని రాయడంలోనే ప్రమాణం దాగి ఉంది. పైన s ఒక్కసారే వచ్చింది, కింద t కి వర్గం వచ్చింది. లైబ్నిజ్ 1675లో తన రాతప్రతుల్లో వాడి, 1684లో అచ్చులోకి తెచ్చిన d గుర్తుకు ఉన్న పెద్ద బలం ఇదే. y మీద చుక్క పెట్టే న్యూటన్ పద్ధతిలో దేనితో భాగించారో కనబడదు.

డబ్బు లెక్కల్లో ఈ నియమం మరింత ఆసక్తికరమైన ఫలితం ఇస్తుంది. పదేళ్ల తర్వాత 100 రూపాయలు ఇచ్చే, మధ్యలో వడ్డీ చెల్లించని బాండు ఒకటి ఉందనుకుందాం. రాబడి రేటు r అయితే, నిరంతర చక్రవడ్డీ లెక్కన దాని నేటి ధర P = 100 e^(−rT). ఇక్కడ T పదేళ్లు. r ఏడాదికి 7 శాతం, అంటే ఏడాదికి 0.07. వడ్డీ రేటుకు ‘ఏడాదికి’ అన్న ప్రమాణం ఉందని గుర్తుంచుకోవాలి. అందుకే rT అనే లబ్ధంలో ‘ఏడాదికి’, ‘ఏళ్లు’ కొట్టివేయబడి 0.7 అనే వట్టి సంఖ్య మిగులుతుంది. e ఘాతంలో వట్టి సంఖ్యే ఉండాలి. ధర 49.66 రూపాయలు వస్తుంది.

రాబడి రేటు మారితే ధర ఎంత మారుతుందో dP/dr చెబుతుంది. అవకలనం చేస్తే అది −T × P, అంటే −496.6. ప్రమాణం? పైన రూపాయలు, కింద ‘ఏడాదికి’. భాగించగా రూపాయి-సంవత్సరాలు వస్తాయి. వినడానికి వింతగా ఉన్నా లెక్క సరైనదే. ఇప్పుడు దీన్ని ధరతోనే భాగిస్తే రూపాయలు పోయి సంవత్సరాలు మాత్రమే మిగులుతాయి. గుర్తు వదిలేస్తే సరిగ్గా పదేళ్లు. రేటు మారితే ధర ఎంత చలిస్తుందో చెప్పే కొలతను మార్కెట్‌లో డ్యూరేషన్ అంటారు. చలనాన్ని కొలిచేదానికి ఏళ్లలో కొలత ఎందుకని చాలామంది మదుపరులు తికమకపడతారు. జవాబు ప్రమాణాల్లోనే ఉంది. ఫ్రెడరిక్ మెకాలే 1938లో ఈ కొలతను చెల్లింపులు చేతికొచ్చే సగటు కాలంగా నిర్వచించాడు. మన దేశంలో సెబీ రుణ మ్యూచువల్ ఫండ్లను వర్గీకరించేది కూడా మెకాలే డ్యూరేషన్ ప్రకారమే. ఒకటి నుంచి మూడేళ్ల మధ్య ఉంటే షార్ట్ డ్యూరేషన్, ఏడేళ్లు దాటితే లాంగ్ డ్యూరేషన్.

ఫండ్ల నెలవారీ పత్రాల్లో కనిపించే మాడిఫైడ్ డ్యూరేషన్‌ను నేరుగా గుణకారానికి వాడుకోవచ్చు. అది 6 ఏళ్లున్న ఫండ్ పెట్టుబడులపై రాబడి రేట్లు ఏడాదికి 0.25 శాతం పెరిగాయనుకుంటే, 6 × 0.0025 = 0.015. ఏళ్లు, ‘ఏడాదికి’ కొట్టుకుపోయి వట్టి నిష్పత్తి మిగిలింది. యూనిట్ విలువ సుమారు 1.5 శాతం తగ్గుతుందని అర్థం.

ఈ అంచనా చిన్న మార్పులకే సరిపోతుంది. పదేళ్ల బాండుపై రేటు 7 నుంచి 9 శాతానికి ఎగబాకితే ధర 9.93 రూపాయలు పడాలని అవకలజం చెబుతుంది, నిజానికి పడేది 9 రూపాయలే. ఆ తేడాను రెండో అవకలజం చాలావరకు సరిచేస్తుంది. దాన్ని ధరతో భాగిస్తే వచ్చే కొలత కన్వెక్సిటీ. ఈ బాండుకు అది 100, ప్రమాణం సంవత్సరాల వర్గం. త్వరణంలో సెకను వర్గం కింద ఉంటే, ఇక్కడ సంవత్సరాల వర్గం పైన నిలిచింది. x ప్రమాణమే ‘ఏడాదికి’ కావడం దానికి కారణం.

ప్రమాణాలను సరిచూడటం తప్పులన్నిటినీ పట్టదు. 2t రాయాల్సిన చోట t రాస్తే ప్రమాణం చెక్కుచెదరదు. శాతం అన్నది నూటికి ఇన్ని అనే వట్టి నిష్పత్తి కాబట్టి, 0.07 కి బదులు 7 వాడినా ప్రమాణాల పరీక్ష మౌనంగానే ఉంటుంది. అదే బాండుకు dP/dr ని ఒక శాతం మార్పుకు రాస్తే −4.966 రూపాయలు, శాతంలో నూరో వంతైన ఒక బేసిస్ పాయింటుకు రాస్తే సుమారు 5 పైసలు. ఈ మూడు అంకెల్లో దేన్ని రాసినా, x లోని ఎంత మార్పుకు ఆ లెక్క కట్టారో పక్కనే రాయాలి.