782 వోల్టులు 230 ఎలా అవుతాయి?

ఒక రెసిస్టర్, ఒక ఇండక్టర్, ఒక కెపాసిటర్‌ను వరుసగా కలిపి 230 వోల్టుల, 50 హెర్ట్జ్ ఏసీ సరఫరాకు తగిలిస్తే, మీటరు వింత లెక్క చూపిస్తుంది. రెసిస్టర్ మీద 184 వోల్టులు, ఇండక్టర్ మీద 368, కెపాసిటర్ మీద 230. మూడూ కూడితే 782. సరఫరా ఇచ్చింది మాత్రం 230. మీటరులో దోషం లేదు. ఈ మూడు వోల్టేజీలూ ఒకే క్షణంలో గరిష్ఠానికి చేరవు కాబట్టి వాటిని మామూలు అంకెల్లా కూడకూడదు.

ఎలా కూడాలో చెప్పేదే ఫేజర్. సైన్ తరంగంలా మారే రాశిని తిరిగే బాణంగా గీస్తారు. బాణం పొడవు ఆ రాశి పరిమాణం, బాణం దిశ దాని దశ. సర్క్యూట్‌లోని బాణాలన్నీ ఒకే వేగంతో తిరుగుతాయి, వాటి మధ్య కోణాలు మారవు. అందుకే బొమ్మను ఒక చోట ఆపేసి చూసినా చాలు. ఈ లెక్కను సంకీర్ణ సంఖ్యలతో చేసే పద్ధతిని ఇంజినీర్లకు అలవాటు చేసినవాడు స్టైన్‌మెట్జ్. 1893లో షికాగో సదస్సులో దాన్ని వివరించాడు.

వరుస సర్క్యూట్‌లో అన్నిటి గుండా పోయే కరెంటు ఒక్కటే. కాబట్టి ముందు దాన్నే అడ్డంగా, కుడివైపుకు గీస్తారు. రెసిస్టర్ వోల్టేజీ దాని వెంటే ఉంటుంది. ఇండక్టర్ వోల్టేజీ కరెంటు కంటే 90 డిగ్రీలు ముందుంటుంది కనుక బాణం నిలువుగా పైకి, కెపాసిటర్‌ది 90 డిగ్రీలు వెనుక కనుక కిందికి. పైదీ కిందిదీ ఎదురెదురు దిశలు, కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

పై ఉదాహరణలో నిరోధం 40 ఓములు, ఇండక్టర్ 0.255 హెన్రీలు, కెపాసిటర్ 63.7 మైక్రోఫారడ్లు. 50 హెర్ట్జ్ దగ్గర ఇండక్టర్ రియాక్టెన్స్ సుమారు 80 ఓములు, కెపాసిటర్‌ది 50. తేడా 30. అడ్డంగా 40, నిలువుగా 30 ఉన్న లంబకోణ త్రిభుజం కర్ణం 50 ఓములు, అదే ఇంపిడెన్స్. 230ని 50తో భాగిస్తే కరెంటు 4.6 ఆంపియర్లు. మీటరు చూపినవన్నీ దీన్నుంచే వస్తాయి. 368లోంచి 230 తీసేస్తే 138. 184, 138 భుజాలైతే కర్ణం సరిగ్గా 230. కోణం దాదాపు 37 డిగ్రీలు. ఇండక్టర్‌దే పైచేయి కనుక కరెంటు సరఫరా వోల్టేజీకి వెనుక నడుస్తుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది కెపాసిటర్ మార్చేటప్పుడు. 63.7 బదులు 39.8 మైక్రోఫారడ్లది పెడితే రెండు రియాక్టెన్సులూ 80 ఓములై పూర్తిగా రద్దవుతాయి. ఇదే రెసొనెన్స్. అప్పుడు కరెంటు 5.75 ఆంపియర్లకు పెరుగుతుంది, కెపాసిటర్ మీద 460 వోల్టులు పడతాయి. సరఫరా 230యే కదా అని 250 వోల్టుల కెపాసిటర్ బిగిస్తే అది పేలిపోవచ్చు.

నిజమైన కాయిల్‌లో తీగకూ కొంత నిరోధం ఉంటుంది, కాబట్టి దాని బాణం నిట్టనిలువుగా నిలవదు, కాస్త కుడికి వాలుతుంది. కొలిచిన మూడు వోల్టేజీలతో గీసిన త్రిభుజం కర్ణం సరఫరా వోల్టేజీతో సరిపోకపోతే ముందుగా చూడాల్సింది ఆ నిరోధాన్నే. స్విచ్ వేసిన తొలి క్షణాలకు మాత్రం ఈ బొమ్మ వర్తించదు. కరెంటు కుదురుకుని, ఒకే ఫ్రీక్వెన్సీ సైన్ తరంగంగా సాగుతున్నప్పుడే ఫేజర్ లెక్క నిలుస్తుంది.