మొదటి కిలోమీటరులో మిగుల్చుకున్న ఊపిరి

ఒక ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయిని ఊహించుకుందాం. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. డిసెంబరు ఉదయం, స్కూల్లో 3 కిలోమీటర్ల క్రాస్‌కంట్రీ. గ్రౌండ్‌లో మొదలై, చెరువుకట్ట ఎక్కి, పొలాల పక్క బాటలో తిరిగి మళ్లీ గ్రౌండ్‌కి రావాలి. ఈల వినగానే అందరితో పాటు తనూ దూసుకుపోయింది. మొదటి 500 మీటర్లు రెండుంబావు నిమిషాల్లో దాటేసింది. కట్ట ఎక్కేసరికి ఛాతీ బిగుసుకుంది. 1200 మీటర్ల దగ్గర కూలబడింది. కూర్చుంటే ఆయాసం తగ్గాలి కదా, ఈ అమ్మాయికి మాత్రం పెరిగింది. పొడిదగ్గు, ఊపిరి వదులుతుంటే పిల్లికూతలు. ఇన్‌హేలర్ ఇంట్లో ఉంది.

ఆగిన తర్వాత ఎక్కువ కావడమే ఇక్కడ అసలు గుర్తు. మామూలు రొప్పు ఆగిన రెండు మూడు నిమిషాల్లో తగ్గుముఖం పడుతుంది. పరుగువల్ల రేగిన ఉబ్బసం ఆగాక 5 నుంచి 15 నిమిషాల మధ్య బాగా ముదురుతుంది. మందు లేకుండా తగ్గాలంటే చాలామందికి అరగంట నుంచి గంట పడుతుంది.

దీనికి కారణం మనం పీల్చే గాలిలో ఉంది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి ముక్కు ద్వారా లోపలికి వెళుతుంది. ముక్కు దాన్ని వెచ్చబరిచి, తడిపి పంపుతుంది. గట్టిగా పరిగెత్తినప్పుడు అది 60 లీటర్లు దాటిపోతుంది. అంత గాలి ముక్కుతో అందదు, నోరు తెరవాల్సిందే. చలికాలపు పొడిగాలి నేరుగా శ్వాసనాళాల్లోకి పోతుంది. గాలికి ఆరేసిన తడిబట్టలా ఆ నాళాల లోపలి పొర తడారిపోతుంది. తడి తగ్గితే అక్కడి ద్రవం చిక్కబడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లలో అప్పటికే చిరాకుగా ఉన్న కణాలు హిస్టమిన్, ల్యూకోట్రయీన్ల వంటి రసాయనాలను వదులుతాయి. వాటి దెబ్బకు నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. ఊపిరి దారి ఇరుకవుతుంది.

అంటే ప్రమాదం 3 కిలోమీటర్ల దూరంలో కన్నా నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి లాగుతున్నామన్న దాంట్లోనే ఎక్కువగా ఉంది. ఇక్కడే వేగం సంగతి వస్తుంది. వేగం ఒక హద్దు వరకు పెరిగితే ఊపిరి కూడా దానికి తగ్గట్టే పెరుగుతుంది. ఆ హద్దు దాటాక వేగం కొంచెం పెరిగినా ఊపిరి దానికి మించి ఎగబాకుతుంది. మొదటి 500 మీటర్లలోనే ఆ హద్దు దాటడం వల్ల ఈ అమ్మాయి మిగతా దూరమంతా ఆరిన నాళాలతో పరిగెత్తాల్సి వచ్చింది.

అందుకని పరుగు మాన్పించడం పరిష్కారం కాదు. బ్రిటన్‌కు చెందిన పాలా ర్యాడ్‌క్లిఫ్‌కు ఉబ్బసం ఉందని 14 ఏళ్ల వయసులో తెలిసింది. 2001లో, 2002లో ఆమె ప్రపంచ క్రాస్‌కంట్రీ విజేత. 2003 లండన్ మారథాన్‌లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లతో ఆమె నెలకొల్పిన ప్రపంచ రికార్డు 2019 దాకా నిలిచింది. ఆమె పరిగెత్తింది ఉబ్బసాన్ని అదుపులో పెట్టుకుని.

మన అమ్మాయి విషయంలోనూ మొదటి పని డాక్టరు దగ్గరే. తను వాడుతున్నది ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ ఒక్కటే. అది బిగిసిన కండరాన్ని సడలిస్తుంది గానీ లోపలి వాపును తగ్గించదు. వాపు తగ్గించేది పీల్చే స్టెరాయిడ్ మందు. అది డాక్టరు చెప్పినట్టు క్రమం తప్పకుండా వాడాలి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని మన ఇళ్లలో చాలామంది భయపడతారు. దానికి వ్యసనమయ్యే గుణం లేదు. వాపు అదుపులోకి వచ్చేకొద్దీ సాల్బుటమాల్ అవసరమే తగ్గుతుంది. వారానికి రెండుసార్లకు మించి అది కావాల్సి వస్తోందంటే ఉబ్బసం ఇంకా అదుపులో లేదని అర్థం.

కొన్ని వారాల మందు తర్వాత గ్రౌండ్‌లో సాధన మొదలైంది. పీఈటీ సారు ఒకటే నియమం పెట్టారు. “ఎంత వేగమో నాకొద్దమ్మా. పరిగెత్తుతూ నాతో మాట్లాడు. మాట తెగుతోందంటే తగ్గించు.”

“అందరూ ముందుకెళ్లిపోతారు కదా సార్?”

“వెళ్లనీ. రెండో కిలోమీటరులో కనిపిస్తారు.”

మాటే ఇక్కడ కొలబద్ద. మొదటి కిలోమీటరులో ఒక పూర్తి వాక్యం తెగకుండా చెప్పగలగాలి. రెండో దాంట్లో మూడు నాలుగు మాటలు చాలు. చివరి కిలోమీటరులోనే ఒకటి రెండు మాటలకు దిగాలి. ఆ లెక్కన తన వేగాలు తేలాయి. మొదటి కిలోమీటరు 7 నిమిషాలు, రెండోది 6 నిమిషాల 40 సెకన్లు, మూడోది 6 నిమిషాల 20 సెకన్లు. మొత్తం 20 నిమిషాలు. 200 మీటర్ల గ్రౌండ్‌లో మొదటి కిలోమీటరు వేగమంటే చుట్టుకు 84 సెకన్లు. చేతి గడియారం చూసుకుంటూ ఆ చుట్టును కాళ్లకు నేర్పింది. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గనిచ్చి, ఊపిరిని మాత్రం అదే స్థాయిలో ఉంచడం చెరువుకట్ట మీదే అలవాటు చేసుకుంది.

మళ్లీ పరుగు రోజు. పొద్దున్నే పీక్‌ఫ్లో మీటరు ఊదింది. తన అత్యుత్తమ అంకె 350, ఆ రోజు 330. ఆ అత్యుత్తమంలో 80 శాతం, అంటే 280 కన్నా తక్కువ వచ్చినా, జలుబు ఉన్నా, రాత్రి దగ్గుతో నిద్ర లేచినా పరిగెత్తకూడదని ముందే అనుకున్నారు. పరుగుకు 15 నిమిషాల ముందు డాక్టరు చెప్పినట్టు స్పేసర్‌తో సాల్బుటమాల్ రెండుసార్లు పీల్చింది. నెమ్మదిగా నడిచి, పరిగెత్తి, మధ్యమధ్య ఆగుతూ కొన్ని చిన్న పరుగులు తీసింది. ఇలా విడతలుగా ఒళ్లు వేడెక్కిస్తే, ఉబ్బసం ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి ఆ తర్వాత కొంతసేపు నాళాలు అంత సులువుగా బిగుసుకోవు. ముక్కుకూ నోటికీ చున్నీ కట్టుకుంది. పీల్చే గాలికి కాస్త వెచ్చదనం, తడి అందుతాయి.

ఈల మోగింది. మొదటి 500 మీటర్లకు మూడున్నర నిమిషాలు పట్టింది. దాదాపు అందరికన్నా వెనక. కట్ట మీద ముందు వేగంగా పోయినవాళ్లు నడుస్తూ కనిపించారు. చివర్లో వేగం పెంచి 20 నిమిషాల 10 సెకన్లలో ముగించింది. వెంటనే కూర్చోకుండా పది నిమిషాలు నడిచింది. ఆ తర్వాత మీటరు 320 చూపించింది. దగ్గు లేదు.

ఇదంతా చేసినా ఒక్కోసారి ఉబ్బసం రేగుతుంది. అప్పుడు పూర్తిగా ఆపేయాలి. పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టాలి. ఆస్ట్రేలియాలో నేర్పే ప్రథమ చికిత్స పద్ధతి సులువుగా గుర్తుంటుంది. స్పేసర్‌తో సాల్బుటమాల్ ఒక్కొక్కటిగా నాలుగు మోతాదులు, మోతాదుకు నాలుగు ఊపిర్లు. నాలుగు నిమిషాలు చూసి, తగ్గకపోతే మళ్లీ నాలుగు. అప్పటికీ తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా అలాగే ఇస్తూ ఉండాలి. వాక్యం చెప్పలేకపోతున్నా, పెదాలు నీలిబారినా, ఎంతమాత్రం ఆగకుండా ముందే ఫోన్ చేయాలి.

ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడే గొంతు దగ్గర శబ్దం వచ్చి, ఆగిన కొద్ది నిమిషాల్లోనే సర్దుకుంటూ, ఇన్‌హేలర్‌తో ఏ తేడా లేకపోతే అది ఉబ్బసం కాకపోవచ్చు. స్వరపేటిక ఇరుకవడం వల్ల టీనేజీ అమ్మాయిల్లో ఇలా కనిపిస్తుంటుంది. మందు పెంచుకుంటూ పోకుండా డాక్టరుకు ఈ తేడా స్పష్టంగా చెప్పాలి.

అందుకే ఉబ్బసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్, స్పేసర్ బడి సంచిలో కాకుండా పరుగు జరిగేచోట, పీఈటీ చేతికందేలా ఉండాలి. ఏ అంకె దగ్గర పరుగు వద్దో, ఎప్పుడు ఎన్ని మోతాదులో డాక్టరు రాసిచ్చిన కాగితం వాటితోపాటే ఉండాలి. అంత ఏర్పాటు ఉన్నప్పుడే బిడ్డ భయం లేకుండా మొదటి కిలోమీటరును నెమ్మదిగా పరిగెత్తగలదు.